మీకు తెలుసా? దువ్వెన తగిలినా మాడు మంట!

కర్నూలు ఎండల్లో మాడు మండితే ‘వేడి చేసింది’ అని ఆముదం పెట్టేస్తాం. పొక్కు, ఎరుపు, చుండ్రు ఏవీ లేకుండా, జడ విప్పినా నొప్పి పుడుతుంటే అది ట్రైకోడైనియా కావచ్చు. వెంట్రుకలో నరాలుండవు, దాని కుదురు చుట్టూ సన్నని నరాల అల్లిక ఉంటుంది. అది రేగితే చిన్న స్పర్శ కూడా మంటగా తోస్తుందని వైద్యుల అంచనా.

డెంగీ జ్వరమో కాన్పో అయిన రెండు మూడు నెలలకు, జుట్టు కుచ్చులుగా రాలే రోజుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. కోవిడ్ నుంచి కోలుకున్నవారిలోనూ గమనించారు. ఆందోళన దీన్ని పెంచవచ్చు. రాలడం ఆగాక చాలామందిలో మంటా తగ్గుతుంది.

ఒకవైపే మండితే అక్కి కావచ్చు, పొక్కులు తర్వాత తేలుతాయి. 50 దాటినవారికి కణతల నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక తోడైతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.