బిడ్డ ఏడ్చాక మొదటి నిమిషం

బిడ్డ కేర్‌మనగానే గదిలో అందరి చూపూ అటే తిరుగుతుంది. కాన్పు చేసిన నర్సు మాత్రం తల్లి పొట్ట మీద చేయి వేసి, లోపల ఇంకో బిడ్డ లేదని తేల్చుకుని, నిమిషంలోపే తొడకు సూది వేస్తుంది. అందులో ఉండేది 10 యూనిట్ల ఆక్సిటోసిన్.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం పారుతుంది. మాయ ఊడిన చోట ఆ రక్తనాళాల నోళ్లు తెరుచుకుంటాయి. వాటి చుట్టూ కండరపు పోగులు జల్లెడలా అల్లుకుని ఉంటాయి. గర్భసంచి బిగుసుకుంటే ఆ పోగులే నాళాలను నొక్కి మూసేస్తాయి, బిగుసుకోకపోతే రక్తం ఆగదు. అరలీటరు పోతే వైద్యులు దాన్ని అధిక రక్తస్రావం అంటారు. రక్తహీనత ఉన్న తల్లి అంతకన్నా తక్కువకే కుప్పకూలవచ్చు. సూది మందు చేసేదల్లా ఆ బిగింపును త్వరగా తేవడమే.

సూది వేశాక బొడ్డుతాడును ఒకటి నుంచి మూడు నిమిషాల తర్వాతే కత్తిరిస్తారు, ఆలోగా మాయలోని రక్తం కొంత బిడ్డకు చేరుతుంది. నొప్పి వచ్చి గర్భసంచి గట్టిపడినప్పుడు ఒక చేత్తో పొత్తికడుపు దగ్గర దాన్ని పైకి అదిమిపట్టి, రెండో చేత్తో తాడును మెల్లగా లాగుతారు. మెత్తగా ఉన్నప్పుడు లాగితే గర్భసంచే తిరగబడి బయటికి రావచ్చు. అందుకే శిక్షణ లేనివారు తాడు ముట్టుకోకూడదు.

మరి లాగకపోతే? భారత్‌తో సహా 8 దేశాల్లో దాదాపు 24 వేల మంది తల్లులతో చేసిన అధ్యయనం 2012లో దీనికి జవాబిచ్చింది. సూది వేసి తాడు లాగకుండా వదిలేసినా తీవ్ర రక్తస్రావంలో పెద్ద తేడా కనిపించలేదు. అంటే భారమంతా మోసేది ఆ సూదే. మాయ పడ్డాక నర్సు మాటిమాటికీ బొడ్డు దగ్గర తడిమి చూస్తుంది. చేతికి గట్టి బంతిలా తగిలితే సరే, పిండిముద్దలా తగిలితే ప్రమాదమే.

అయితే ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచాలి. వేడి తగిలితే మందు బలం తగ్గిపోతుంది, సీసా మాత్రం ముందులాగే కనిపిస్తుంది.

ఫ్రిజ్ లేని చోట ఏం చేయాలన్నది కర్ణాటకలోని బెళగావి పల్లెల్లో పరీక్షించారు. ఇళ్లలోనూ సబ్‌సెంటర్లలోనూ కాన్పులు చేసే ఏఎన్ఎంలు, బిడ్డ పుట్టగానే కొందరు తల్లులకు 600 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ మాత్రలు, కొందరికి మందు లేని ఉత్తి మాత్రలు ఇచ్చారు. మొత్తం 1,620 మంది. 2006లో వెలువడిన ఫలితాల్లో ఉత్తి మాత్రలు మింగినవారిలో నూటికి 12 మందికి అధిక రక్తస్రావమైతే, మందు మింగినవారిలో 6.4 మందికే అయింది. కొందరికి వణుకు, జ్వరం వచ్చి తగ్గాయి. ఈ మాత్రలనే బిడ్డ ఇంకా లోపల ఉండగా ఇస్తే గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంది. అందుకే అక్కడా ముందు పొట్ట తడిమి, కవల లేదని తేల్చుకోవాల్సిందే.