పాప బాక్స్‌లో ఉంటే అమ్మకు సెలవెంత?

మా బీర్కూర్ నుంచి నిజామాబాద్ వెళ్లి ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగం చేస్తోంది మా ఆడపడుచు కూతురు. తొలిచూలు. బి.పి. పెరిగి 30వ వారంలోనే ఆపరేషన్ చేశారు. పాప కిలోమున్నర కూడా లేదు. ఆరు వారాలు బాక్స్‌లో ఉంచారు.

"పాపను నర్సులు చూసుకుంటారు కదా, తల్లికి పనేముంటుంది?" అన్నారు కొందరు. పని చాలానే ఉంటుందండీ. రెండు మూడు గంటలకోసారి పాలు పిండి ఇవ్వాలి. డాక్టరుగారు సరేనన్నాక బిడ్డను రొమ్ముకి హత్తుకుని గంటలకొద్దీ కూర్చోవాలి.

చట్టప్రకారం ఆ అమ్మాయికి ప్రసూతి సెలవు 26 వారాలు. పదిమంది అంతకన్నా ఎక్కువ పనిచేసేచోట, ముందటి ఏడాదిలో 80 రోజులు పనిచేసినవాళ్లకి ఇది వర్తిస్తుంది. ఇప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే. కాన్పు ముందుగా అయిపోయింది కాబట్టి సెలవు ఆనాటినుంచే లెక్క. అందులో ఆరు వారాలు ఆసుపత్రిలోనే గడిచాయి. ఇంట్లో పాపతో మిగిలినవి 20 వారాలు.

సెలవు ముగిసే ముందు, "పాప నెలలు నిండకుండా పుట్టింది, బలహీనంగా ఉంది, సెలవు పొడిగించండి" అని రాసింది. కుదరదన్నారు. తప్పు వాళ్లదేనని అనుకున్నాం గానీ, చీటీలోనూ లోపముంది.

1961 నాటి ప్రసూతి చట్టంలో ఒక మాటుంది. గర్భం వల్ల గానీ, కాన్పు వల్ల గానీ, నెలలు నిండకుండా బిడ్డ పుట్టడం వల్ల గానీ తల్లికి జబ్బు చేస్తే, రుజువు చూపితే జీతంతో మరో నెల వరకు సెలవివ్వాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇదే ఉంది. గమనించారా? జబ్బు తల్లిది కావాలి. బిడ్డ ఆసుపత్రిలో ఉన్న రోజులకు మన చట్టంలో వేరే సెలవు లేదు. బ్రిటన్‌లో అయితే 2025 ఏప్రిల్ 6న గానీ ఆ తర్వాత గానీ పుట్టి, 28 రోజుల్లోపే చేరి కనీసం వారం ఆసుపత్రిలో ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు 12 వారాల దాకా అదనపు సెలవుంది.

నిజానికి మా అమ్మాయికి బి.పి. తగ్గనేలేదు, ఇంకా మాత్రలు వేసుకుంటోంది. ఆ సంగతే చీటీలో లేదు! డాక్టరుగారు పరీక్షించి, అది కాన్పువల్ల వచ్చిన ఇబ్బందేనని, ఇన్ని రోజులు విశ్రాంతి కావాలని సర్టిఫికెట్ రాశారు. రెండో చీటీలో కాన్పు తేదీ, సెలవు ముగిసే తేదీ, కావలసిన రోజులు వేసి, సర్టిఫికెట్‌నూ డిశ్చార్జి కాగితాన్నీ జతచేసింది. ఒక నకలుమీద అందినట్టు సంతకం తీసుకుంది. ఈసారి నెల మంజూరైంది.

తల్లి ఆరోగ్యం బాగుండి బిడ్డకే బాగాలేకపోతే లేనిది రాయించుకోకండి. మిగిలిన సెలవులో, జీతం లేని సెలవో అడగాలి. అది యజమాని ఇష్టం. అందుకే ఆ చీటీలో పాప బరువు, మళ్లీ చూపించాల్సిన తేదీలు రాసి, పనిలో చేరే రోజు కచ్చితంగా చెప్పండి.