అద్దె ఇంట్లో ఫ్యాను, కుళాయి

అద్దె ఇంటి కరెంటు బిల్లులో ఎక్కువ గంటలు తిరిగే ఫ్యానుది పెద్ద వాటా. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో దాదాపు అంతే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 6 రూపాయలైతే 120 రూపాయలు. ఫ్యాను ఖరీదు 3,000 అనుకుంటే రెండేళ్లకు కాస్త పైగా పడుతుంది. అందుకే పడకగదిలో ముందు మార్చాలి, అరుదుగా వాడే గదిలో తొందర అక్కర్లేదు. గోడమీది పాత రెగ్యులేటర్‌ను తప్పక తీసేయించాలి. అది ఉంటే ఫ్యానులోని సర్క్యూట్ పాడవచ్చు. ట్యూబులైటు స్థానంలో ఎల్‌ఈడీ బ్యాటెన్ పెడితే వాడకం సగానికి తగ్గుతుంది.

మీటరు విడిగా ఉంటే ఈ ఆదా అద్దెకున్నవారిదే, యజమానికి దక్కేది ఇల్లు ఖాళీగా ఉండకపోవడం. నీళ్ల సంగతి వేరు. మోటారు బిల్లు, ట్యాంకర్ ఖర్చు సాధారణంగా యజమాని మీదే పడతాయి. కుళాయి మూతికి బిగించే ఏరేటర్ నీటిలో గాలి కలిపి, నిమిషానికి 10 లీటర్లకు పైగా వచ్చే ధారను ఐదారు లీటర్లకు తగ్గిస్తుంది. బకెట్ నింపే కుళాయికి మాత్రం దండగ, నింపే సమయమే పెరుగుతుంది. బోరు నీళ్లయితే జల్లెడలో సున్నం పేరుకుంటుంది. ధార సన్నబడి పక్కకు చిమ్మితే అదే గుర్తు. విప్పి నిమ్మరసంలో నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్దితే చాలు.