చూపు కలపని వారిలో ఆసక్తిని గుర్తించడం: పెళ్ళిచూపుల సందర్భం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• చూపు కలపకపోవడానికీ, ఆసక్తి లేకపోవడానికీ మధ్య తేడాను వివరించగలుగుతారు.
• మాటను ఉన్నదున్నట్లుగా వాడే వ్యక్తి జవాబును సరిగా అర్థం చేసుకోగలుగుతారు.
• ఆసక్తిని ఊహించకుండా, అడిగి తెలుసుకునే పద్ధతిని అన్వయించగలుగుతారు.

పరిచయం

కృష్ణా జిల్లాలో పెళ్ళిచూపులు సాధారణంగా గంట, గంటన్నరలో ముగుస్తాయి. అందులో అమ్మాయి, అబ్బాయి విడిగా మాట్లాడుకునేది పది ఇరవై నిమిషాలు మాత్రమే. ఇంత తక్కువ సమయంలో ఎదుటివారి మనసు తెలియాలంటే పెద్దలు చూపును, నవ్వును, మాట తీరును ఆధారంగా తీసుకుంటారు. ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించండి. అమ్మాయి తల వంచుకుంటే సిగ్గు అంటారు. అబ్బాయి తల వంచుకుంటే ఇష్టం లేదనో, ఏదో దాస్తున్నాడనో అంటారు. చూపు ఒకటే, అర్థాలు రెండు. అంటే ఆ అర్థం చూపులో లేదు, చూసేవారి అలవాటులో ఉంది. ఆటిజం స్పెక్ట్రమ్‌లో ఉన్న వ్యక్తి విషయంలో ఈ అలవాటు పెద్ద పొరపాటుకు దారితీస్తుంది. ఆటిజాన్ని మన దేశంలో వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రత్యేకంగా గుర్తించింది.

చూపు ఎందుకు కలపరు?

ఆటిజం ఉన్నవారిలో చాలామంది, ఎదుటివారి కళ్ళలోకి చూడటం తమకు ఇబ్బందిగా, కొన్నిసార్లు బాధగా కూడా ఉంటుందని చెబుతారు. కళ్ళలోకి చూస్తే మాట వినబడదు, మాట వినాలంటే కళ్ళు పక్కకు తిప్పుకోవాలి అని మరికొందరు అంటారు. 2017లో నూషిన్ హాజిఖానీ బృందం ప్రచురించిన పరిశోధన దీనికి ఒక ఆధారం చూపింది. ఆటిజం ఉన్నవారు ముఖాల వీడియోలలో కళ్ళ భాగాన్నే చూసేలా చేసినప్పుడు, వారి మెదడు లోపలి భాగాలలో స్పందన ఇతరులలో కంటే బాగా ఎక్కువగా కనిపించింది. అంటే చూపు తిప్పుకోవడం నిర్లక్ష్యం కాకపోవచ్చు. ఎక్కువైన ఉద్రేకాన్ని తగ్గించుకునే మార్గం కావచ్చు. కష్టమైన లెక్కను మనసులో చేసేటప్పుడు మనం కూడా ఎదుటివారి ముఖం మీద నుంచి చూపు తిప్పుకుంటాం కదా!

అపార్థం రెండు వైపులా

ఆటిజం ఉన్న బ్రిటిష్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లో ఒక సూత్రాన్ని ప్రతిపాదించారు. దాన్ని ‘ద్విముఖ సహానుభూతి సమస్య’ అనవచ్చు. ఆటిజం ఉన్నవారు ఇతరులను అర్థం చేసుకోలేకపోవడం ఎంత నిజమో, ఇతరులు వారిని అర్థం చేసుకోలేకపోవడం కూడా అంతే నిజమన్నది దాని సారం. 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం దీన్ని ఒక ప్రయోగంతో పరీక్షించింది. ఎనిమిదిమంది చొప్పున వరుసలుగా చేసి, ఒక కథను ఒకరి నుంచి మరొకరికి చెప్పించారు. అందరూ ఆటిజం ఉన్నవారైన వరుసలోనూ, అందరూ లేనివారైన వరుసలోనూ కథ దాదాపు ఒకే మేరకు నిలిచింది. ఇద్దరూ కలిసిన వరుసలో ఎక్కువ వివరాలు జారిపోయాయి. లోపం ఒకరిలోనే ఉంటే ఫలితం ఇలా రాదు.

మన మర్యాద భాషలో ఈ సమస్య మరింత పెరుగుతుంది. “ఇంటికి వెళ్ళి కబురు చేస్తాం” అంటే చాలా ఇళ్ళలో ‘వద్దు’ అని అర్థం. మాటను ఉన్నదున్నట్లుగా తీసుకునే వ్యక్తి మాత్రం ఆ కబురు కోసం రోజుల తరబడి ఎదురుచూస్తాడు.

ఉదాహరణ: ఒక ఊహాత్మక సందర్భం

అమ్మాయిది ఉయ్యూరు. కంకిపాడులో ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని. అబ్బాయి విజయవాడలో తాగునీటిని పరీక్షించే లాబొరేటరీలో పనిచేస్తాడు. అతనికి ఆటిజం ఉందని అబ్బాయి తరఫువారు ముందే చెప్పారు.

అబ్బాయి పెళ్ళిచూపులు జరిగినంతసేపూ కాఫీ గ్లాసు వైపే చూస్తూ ఉన్నాడు. “మా ఊరు ఎలా ఉందండీ?” అని అమ్మాయి అడిగితే, “బస్టాండు నుంచి మీ ఇంటి దాకానే చూశాను” అన్నాడు. “సినిమాలంటే ఇష్టమా?” అంటే “కొన్ని” అన్నాడు. నీళ్ళలో కరిగిన లవణాల గురించి అడిగితే మాత్రం పది నిమిషాలు ఆపకుండా మాట్లాడాడు. మధ్యలో అమ్మాయి, పొద్దున 7.40 బస్సులో నిలబడటానికి కూడా చోటు దొరకదని మాటవరసకు అంది. ఆ సాయంత్రం “అమ్మాయి నచ్చిందా?” అని తల్లి అడిగితే, “ఇంకా తెలియదు” అన్నాడు. “మొహం కూడా చూడలేదు, వాళ్ళకి ఇష్టం లేదు” అని అమ్మాయి పెదనాన్న తేల్చేశారు.

ఇప్పుడు ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. చూపును పక్కన పెట్టాలి, అది ఇక్కడ ఏ వైపూ సాక్ష్యం కాదు. “బస్టాండు నుంచి మీ ఇంటి దాకానే” అన్నది పెడసరం మాట కాదు. తాను చూడని ఊరి గురించి అభిప్రాయం చెప్పలేనన్న నిజాయితీ. “ఇంకా తెలియదు” అన్నది తిరస్కారం కాదు. ఇరవై నిమిషాల పరిచయంతో అతనికి నిజంగానే తెలియదు.

రెండు రోజుల తరువాత అతను అమ్మాయికి ఒక మెసేజ్ పంపాడు. ‘నమస్కారం’ కూడా లేదు. ఆమె బడి దగ్గర ఆగే మరో మూడు బస్సుల వేళలు మాత్రం ఉన్నాయి. దీన్ని ఎలా చదవాలి? అతనికి బస్సు వేళలంటేనే సరదా అయి ఉండవచ్చు. అయితే ఉన్న బస్సులన్నీ రాయకుండా, ఆమె బడికి పనికివచ్చేవాటినే ఏరి రాశాడు. ఆమె మాటవరసకు అన్న మాట గుర్తుంచుకున్నాడు. ఇది చూపు కంటే బలమైన సూచన. కానీ ఒక్క సూచనతో తేల్చకూడదు. అడగాలి.

అడిగే పద్ధతి

అమ్మాయి ఇలా రాసిందనుకోండి: “నన్ను ఇంకోసారి కలవాలని మీకు ఉందా? అవును, కాదు, ఇంకా ఆలోచించాలి — ఏదైనా నేను ఏమీ అనుకోను. ఆదివారంలోగా చెప్పండి.” ఇందులో నాలుగు అంశాలున్నాయి. ప్రశ్న ఒక్కటే, అదీ సూటిగా ఉంది. ‘నచ్చానా?’ అన్న పెద్ద ప్రశ్నకు బదులు, జవాబు చెప్పగలిగిన చిన్న ప్రశ్న వేసింది. ‘కాదు’ అనడానికి చోటిచ్చింది. రాతలో, గడువుతో అడిగింది కాబట్టి ముఖం చూడాల్సిన ఒత్తిడి లేదు.

“అవును. శనివారం సాయంత్రం 5 గంటలకు ఖాళీ. ఎదురెదురుగా కూర్చోవడం కంటే నడుస్తూ మాట్లాడటం నాకు తేలిక” అని జవాబు వస్తే, దాన్ని ఉన్నదున్నట్లుగా నమ్మవచ్చు. పక్కపక్కన నడిచేటప్పుడు చూపు కలపనవసరం ఉండదు.

పరిమితులు

చూపు కలపకపోవడం అయిష్టానికి గుర్తు కానట్లే, దాచుకున్న ఇష్టానికీ గుర్తు కాదు. “కాదు” అని జవాబు వస్తే అది కాదనే. మళ్ళీ మళ్ళీ అడగడం, ‘మొహమాటపడుతున్నాడు’ అని సర్దిచెప్పుకోవడం అదే పొరపాటును తిరగేసి చేయడమే. అవతలి మనిషి అమ్మాయి అయినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఆమె మౌనాన్ని సిగ్గుగా, సిగ్గును అంగీకారంగా లెక్కవేయడం మన ఇళ్ళలో మామూలే. ఆమెను కూడా ఇదే ప్రశ్న, ఇదే తీరులో అడగాలి. మరొక మాట: చూపు తిప్పుకున్న ప్రతివారికీ ఆటిజం ఉందని నిర్ధారించే పని మనది కాదు. సూటిగా అడగడానికి ఆ నిర్ధారణ అవసరం లేదు కూడా.

సారాంశం

చూపు, స్వరం, క్లుప్తత అనేవి మనిషి నాడీవ్యవస్థను బట్టి మారతాయి. ఎదుటివారు ఏం గుర్తుంచుకున్నారు, తమంతట తాము ఏం చేశారు అన్నవి మెరుగైన సూచనలు. సూటైన ప్రశ్నకు వచ్చిన సూటైన జవాబు వాటన్నిటికంటే నమ్మదగినది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. “ఇంకా తెలియదు” అన్న జవాబును పెదనాన్న ఎలా అర్థం చేసుకున్నారు? దాని అసలు అర్థం ఏమిటి?
2. బస్సు వేళల మెసేజ్ ఒక్కదానితోనే ఆసక్తి ఉందని ఎందుకు తేల్చకూడదు?
3. “ఏమంటారు మరి?” అన్న ప్రశ్నను, ఉన్నదున్నట్లుగా మాట్లాడే వ్యక్తి సులువుగా జవాబివ్వగలిగేలా మార్చి రాయండి.