ఎక్స్‌రే వ్యాన్ వీధిలోకొచ్చినా ఎందుకు రాలేదు? థీసిస్‌లో రెండు చట్రాల కథ

1950ల మొదట్లో అమెరికాలో క్షయను ముందే పసిగట్టడానికి ఎక్స్‌రే వ్యాన్లు వీధుల్లోకే వచ్చాయి. పరీక్ష ఉచితం. అయినా చాలామంది రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి అక్కడి ప్రజారోగ్య విభాగంలోని మనస్తత్వ శాస్త్రవేత్త గాడ్‌ఫ్రీ హాక్‌బామ్ మూడు నగరాల్లో 1,200 మందికి పైగా పెద్దవాళ్లను ప్రశ్నించాడు. ‘ఈ జబ్బు నాకూ రావచ్చు’, ‘ముందే తెలిస్తే మేలు’ అన్న రెండు మాటలనూ నమ్మినవాళ్లలో 82 శాతం మంది కనీసం ఒకసారి తమంతట తాముగా ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ నమ్మనివాళ్లలో అలా తీయించుకున్నది 21 శాతమే.

ఇలాంటి పరిశీలనల నుంచే హెల్త్ బిలీఫ్ మోడల్ అనే సిద్ధాంతం పుట్టింది. నాకు వచ్చే అవకాశం ఎంత, వస్తే ఎంత ప్రమాదం, పరీక్షతో ఎంత లాభం, దానికి అడ్డంకులేమిటి అన్న నాలుగు నమ్మకాలను బట్టి మనిషి ఆరోగ్య నిర్ణయం ఉంటుందని అది చెబుతుంది. మరికొన్ని అంశాలు తర్వాత చేరాయి.

ఇప్పుడు మన దగ్గర ఒక పీహెచ్‌డీ విద్యార్థిని ఉందనుకుందాం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు గ్రామీణ మహిళలు ఎందుకు రావడం లేదన్నది ఆమె అంశం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 30–49 ఏళ్ల మహిళల్లో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. ఆమె హెల్త్ బిలీఫ్ మోడల్‌ను ఆధారంగా తీసుకుంటే, అదే థీసిస్‌కు సైద్ధాంతిక చట్రం. ఆ నాలుగు నమ్మకాలూ స్వతంత్ర చరాలవుతాయి, పరీక్ష చేయించుకోవడం పరతంత్ర చరమవుతుంది. ప్రశ్న కూడా అక్కడి నుంచే వస్తుంది: ‘నాకూ రావచ్చు అనుకునే మహిళలు పరీక్షకు ఎక్కువగా వస్తున్నారా?’ ఫలితం ఎటు ఉండాలో సిద్ధాంతం ముందే చెప్పింది కాబట్టి, అది తప్పని తేలే అవకాశమూ ఉంటుంది.

కానీ ఊళ్లో పదిమందితో మాట్లాడితే సిద్ధాంతం గట్టిగా పట్టించుకోని సంగతులు బయటపడతాయి. కూలి పోతుంది. పరీక్ష చేసేది మగ డాక్టరైతే ఇబ్బంది. అత్తగారో భర్తో సరేననాలి. వీటిలో ఏవి తన అధ్యయనంలో ఉండాలి, ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయి అన్నది పాత అధ్యయనాలు చదివి, తన ఊళ్లను చూసి ఆమే తేల్చుకోవాలి. సిద్ధాంతం ఇచ్చినవీ తాను చేర్చినవీ కలిపి గీసుకున్న బొమ్మే భావనాత్మక చట్రం. మొదటిది ఎందరో పరీక్షించి చూసిన వివరణ, రెండోది ఈ ఒక్క అధ్యయనానికి మాత్రమే చెందిన ప్రతిపాదన.

గళ్లూ బాణాలే కదా అని చాలామంది ఈ బొమ్మను తేలిగ్గా తీసుకుంటారు. అసలు ఆలోచన అక్కడే జరగాలి. ఆస్పత్రికి ఒంటరిగా వెళ్లే స్వేచ్ఛనే తీసుకోండి. జాతీయ సర్వే కూడా అడిగే ప్రశ్నే కాబట్టి దీన్ని కొలవడం కష్టం కాదు. ఆ గడి నుంచి నేరుగా ‘పరీక్ష’ గడికి బాణం గీస్తే, ‘స్వేచ్ఛ ఉన్నవాళ్లు ఎక్కువగా వస్తున్నారా?’ అన్నది ప్రశ్న. అదే బాణాన్ని నమ్మకానికీ పరీక్షకూ మధ్య ఉన్న బాణం మీదికి గీస్తే ప్రశ్న పూర్తిగా వేరు: ‘క్యాన్సర్ రావచ్చని నమ్మినా, స్వేచ్ఛ లేని ఇంట్లో ఆ నమ్మకం పనిచేయకుండా పోతోందా?’ అప్పుడు స్వేచ్ఛ ప్రభావ నియంత్రక చరం. గణాంక విశ్లేషణలో నమ్మకం, స్వేచ్ఛ రెండింటి ఉమ్మడి ప్రభావాన్ని విడిగా లెక్కగట్టాలి, ఎక్కువమందిని ప్రశ్నించాల్సి వస్తుంది. బాణం చోటు మారితే అధ్యయనమే మారిపోతుంది.

ఎక్కువ థీసిస్‌లలో కనిపించే లోపం వేరు. రెండో అధ్యాయంలో సిద్ధాంతం గురించి పేజీలకు పేజీలు ఉంటాయి, ప్రశ్నావళిలో దాని జాడే ఉండదు. సిద్ధాంతం పేరు కొట్టేసి చూడండి. ఒక్క పరిశోధన ప్రశ్న కూడా మారకపోతే అది అలంకారమే. అలాగే బొమ్మలోని ప్రతి గడికీ ప్రశ్నావళిలో కొలిచే ప్రశ్న ఉండాలి, ప్రతి బాణానికీ ఒక కారణం ఉండాలి. డేటా వచ్చాక, సంబంధం కనిపించిన చోటల్లా బాణాలు గీయడం మరీ ప్రమాదం. అప్పుడు ఆ బొమ్మ తప్పని తేలే మార్గమే ఉండదు.

బాణం దిశ దగ్గర మరో చిక్కు ఉంది. పరీక్ష చేయించుకుని ఏమీ లేదని తెలిసిన మహిళ ‘నాకేమీ రాదులే’ అని నిశ్చింతగా ఉండవచ్చు. ఒక్కసారే జరిపే సర్వేలో ఆమె ‘తక్కువ భయం, పరీక్ష అయింది’ అనే లెక్కలోకి వస్తుంది. దాంతో సిద్ధాంతం తలకిందులైనట్టు కనిపిస్తుంది. నిజానికి ఇక్కడ నమ్మకం పరీక్షకు కారణం కాదు, దాని ఫలితం. అందుకే ఇంకా పరీక్ష చేయించుకోనివాళ్లనే ఎంచుకుని, నమ్మకాలు ముందు నమోదు చేసి, గ్రామంలో శిబిరం జరిగాక ఎవరు వచ్చారో చూడాలి. అంత వ్యవధి లేకపోతే బొమ్మలో ఆ బాణాన్ని రెండువైపులా గీసి, ప్రశ్నలో ‘ప్రభావం’ తీసేసి ‘సంబంధం’ అని రాసుకోవాలి.