పైసల్లో పెరిగే ఖర్చు, రూపాయల్లో పెరిగే టీ

పాలు లీటరుకు 2 రూపాయలు పెరిగాయని పేపర్లో పడితే ఊరంతా తెలుస్తుంది. పేపరు కప్పు 10 పైసలు పెరిగితే ఎవరికీ తెలియదు. టీ కొట్టుకు మాత్రం ఈ రెండు దెబ్బలూ ఒకటే.

రోజుకు 300 టీలు, టీ 10 రూపాయల చొప్పున అమ్మే కొట్టు ఒకటి ఉందనుకుందాం. పాలు 15 లీటర్లు, లీటరు 60. అంటే టీకి 3 రూపాయలు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ 1,800, ఆరు రోజులు వస్తుంది, టీకి రూపాయి. టీ పొడి, పంచదార, కప్పు కలిసి ఇంకో 2 రూపాయలు. ఖర్చు 6 పోగా మిగిలేది 4, రోజుకు 1,200. అద్దె, కుర్రాడి కూలి 700 తీసేస్తే ఇంటికి వెళ్లేది 500.

ఇప్పుడు పాలు లీటరుకు 2 రూపాయలు పెరిగాయి: రోజుకు 30 అదనం. కప్పు 10 పైసలు పెరిగింది: అదీ 30. సిలిండర్ మీద 180 పెరిగింది: మళ్లీ 30. ఒక్కోటి చిన్నదే, సర్దుకుపోవచ్చనిపిస్తుంది. మూడూ కలిస్తే 500లో 90 పోయాయి. అయినా టీకి పెరిగిన ఖర్చు 30 పైసలే. టీని 10 రూపాయల 30 పైసలకు అమ్మలేం కదా!

అసలు చిక్కు ఇదే. అందుకే చాలామంది పాలల్లో నీళ్లు పెంచుతారు. నా దృష్టిలో అది అన్నిటికన్నా చెడ్డ దారి. రోజూ తాగేవాడికి మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. ఏమీ అనడు, పక్క కొట్టుకు వెళ్తాడు.

12 చేస్తే? ఇప్పుడు టీకి 5 రూపాయల 70 పైసలు మిగులుతాయి. 211 టీలు అమ్మినా పాత 1,200 వచ్చేస్తాయి. అంటే దాదాపు 90 టీలు తగ్గినా నష్టం లేదు. బస్టాండు దగ్గర అంతమంది పోరు. కూలీల అడ్డా దగ్గర పోవచ్చు. అక్కడ 10 రూపాయలకే చిన్న కప్పు పెట్టి, పెద్ద కప్పు 15 అని బోర్డు మీద రాయడం మేలు.

ఎప్పుడు పెంచాలన్నది ముందే అనుకోవాలి. టీకి అర్ధరూపాయి పెరిగేదాకా ఆగుదాం, దాటితే పెంచుదాం అని గీత గీసుకుంటే చాలు. కమర్షియల్ గ్యాస్ ధర మామూలుగా నెల మొదటి తేదీన మారుతుంది కాబట్టి లెక్క ఆ రోజే చూసుకోవచ్చు. గ్యాస్ కాస్త తగ్గిందని టీ ధర దించి, మళ్లీ పెంచితే గిరాకీకి చిరాకు.

లెక్కకు పెద్ద పుస్తకం అక్కర్లేదు. సిలిండర్ తగిలించిన తేదీ దాని మీదే సుద్దతో రాయాలి. రాత్రి కొట్టు కట్టేముందు ఎన్ని కప్పులు ఖర్చయ్యాయో చూసి, గల్లాలోనూ ఫోన్లోనూ పడ్డ డబ్బుతో సరిపోల్చాలి. 300 కప్పులు వాడితే 2,800 రూపాయలే కనిపించాయంటే, 20 టీలు అరువుకో ఊరికేనో పోయాయన్నమాట. ఆ 200 రూపాయలు, పైన చెప్పిన మూడు పెంపులూ కలిసినదానికంటే రెండింతలు ఎక్కువ.