చైనా చిరునామా: పెద్దది ముందు, పేరు చివర

చైనాలో చిరునామా పెద్ద ప్రాంతంతో మొదలవుతుంది. ముందు ప్రావిన్సు, తర్వాత నగరం, జిల్లా, వీధి, ఇంటి నంబరు, భవనం, గది వస్తాయి. గ్రహీత పేరు చివర. ఆరంకెల పోస్టుకోడ్‌కు దేశీయ కవర్ల మీద ఎడమవైపు పైన ఆరు గడులు ఉంటాయి.

గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సు, గ్వాంగ్‌ఝౌ నగరం, తియన్‌హ జిల్లా, తియన్‌హ లు, 90వ నంబరు, 1502 గది అనుకుందాం. హైదరాబాద్ నుంచి పార్సిల్ పంపేటప్పుడు ఇంగ్లిషు లిపిలో ఇది తలకిందులవుతుంది. మొదటి వరుసలో పేరు, రెండో వరుసలో గది, ఇంటి నంబరు, వీధి, మూడో వరుసలో జిల్లా. ఆ కింద 510620 గ్వాంగ్‌ఝౌ, గ్వాంగ్‌డాంగ్. చిట్టచివర చైనా పేరు ఒక్కటే, పెద్ద అక్షరాల్లో.

దేశం పేరు మన తపాలా సిబ్బంది కోసం. మిగతాది చదివేది అక్కడి డెలివరీ మనిషి. అందుకే వీధి పేరును అనువదించకూడదు. ‘బెయ్ లు’ అంటే ఉత్తర రోడ్డే అయినా, ఉచ్చారణ ఉన్నదున్నట్టే రాయాలి. ఇంగ్లిషు అక్షరాల్లో ఒకేలా కనిపించే పేర్లు చైనా లిపిలో వేర్వేరు వీధులు కావచ్చు. గ్రహీత పంపిన చైనా లిపి చిరునామాను కూడా ముద్రించి అతికిస్తే ఈ చిక్కు తీరుతుంది. దాని వరుసను మాత్రం మార్చకూడదు.

బీజింగ్, షాంఘై, తియన్‌జిన్, చోంగ్‌చింగ్ నేరుగా కేంద్రం కింద ఉన్న నగరాలు. వాటికి ప్రావిన్సు రాయనక్కర్లేదు. +86తో గ్రహీత ఫోన్ నంబరు మాత్రం తప్పనిసరిగా రాయాలి. చిరునామాలో తేడా వస్తే అక్కడివాళ్లు ముందు చేసేది ఫోనే.